తాతయ్య ఫోన్‌లో అక్షరాలు ఎందుకు పెరిగాయి?

ప్రశ్న: మా తాతయ్యకు 74 ఏళ్లు. ఆయన వాడేది ఆండ్రాయిడ్ 14 ఉన్న ఫోన్. ఈమధ్య ఒక సాయంత్రం ఆ ఫోన్‌లో అక్షరాలు ఒక్కసారిగా విపరీతంగా పెద్దవైపోయాయి. ఆ రాత్రి బాబాయి సరిచేయబోయాడు గానీ కుదరలేదు. తరువాత నేను ఫాంట్ సైజ్ తెరిచి చూస్తే మీట సరిగ్గా మధ్యలో ఉంది. అంటే మామూలుగానే ఉంది కదా అనుకున్నాను. అయినా దాన్ని ఎడమ చివరికి జరిపి చూశాను. అక్షరాలు దాదాపు పాత సైజుకు వచ్చాయి గానీ యాప్‌ల బొమ్మలు లావుగానే ఉండిపోయాయి, డబ్బు పంపే యాప్‌లో అడుగున ఉండవలసిన బటన్ కనిపించలేదు. మీటను మళ్లీ మధ్యలో పెట్టేశాను. ఇది చాలదన్నట్టు, అప్పుడప్పుడు తెర మొత్తం ఇంకా ఉబ్బిపోయి ఒక మూల మాత్రమే కనిపిస్తోంది. కాసేపటికి అదే తగ్గుతోంది. "నేనేమీ ముట్టుకోలేదమ్మా" అంటారు తాతయ్య. "ఏదో నొక్కే ఉంటావు నాన్నా" అంటాడు బాబాయి. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా మొదలుపెడదామని ఆయన పట్టుబడుతున్నాడు. తాతయ్య అలిగి ఫోన్ పక్కన పెట్టేశారు. వచ్చే వారం నేను హాస్టల్‌కు వెళ్లిపోవాలి. ఇంకొక మాట: అక్షరాలు పెద్దగా ఉన్నప్పుడు తాతయ్య కళ్లజోడు లేకుండానే ఒక మెసేజ్ చదివారు. అది చూశాక అసలు తగ్గించాలా వద్దా అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక మనవరాలు

సమాధానం: మీరు గమనించి రాసిన వివరాలలోనే జవాబు చాలావరకు ఉంది. మీటను ఎడమ చివరికి జరిపినప్పుడు ఏది తగ్గింది, ఏది తగ్గలేదు అన్నది విడివిడిగా చెప్పారు. ఆ ఒక్క పరిశీలన లేకపోతే ఇంత దూరం నుంచి నేను చెప్పగలిగేది చాలా తక్కువ. మీ తాతగారి ఫోన్‌లో మారినది ఒక్క సెట్టింగ్ కాదని, మూడు సెట్టింగ్‌లు ఒకదానిపై ఒకటి పడ్డాయని నా నమ్మకం. అందుకే ఒకటి సరిచేసినా సమస్య తీరినట్టు కనిపించడం లేదు, అది కాదేమో అనుకుని మీరు దాన్ని మళ్లీ వెనక్కి పెట్టవలసి వచ్చింది.

మొదట ఫాంట్ సైజ్ సంగతి చూద్దాం. మీట మధ్యలో ఉంటే మామూలు సైజు అనుకోవడం ఎవరికైనా సహజమే, కానీ ఆండ్రాయిడ్‌లో అది నిజం కాదు. ఆండ్రాయిడ్ 14లో ఆ గీత మీద ఏడు మెట్లు ఉంటాయి: 85 శాతం, 100, 115, 130, 150, 180, చివరిది 200 శాతం. ఫోన్ కొన్నప్పుడు ఉండే మామూలు సైజు, అంటే 100 శాతం, ఎడమ నుంచి రెండవ మెట్టు. సరిగ్గా మధ్యన ఉన్నది నాలుగవ మెట్టు, అంటే 130 శాతం. కొన్ని కంపెనీలు తమ ఫోన్లలో మెట్ల సంఖ్యను మారుస్తాయి కాబట్టి మీ తాతగారి ఫోన్‌లో ఎన్ని చుక్కలు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. ఏడు ఉంటే, మీరు మామూలు అనుకున్న చోట అక్షరం అప్పటికే దాదాపు మూడో వంతు పెరిగి ఉందన్నమాట.

ఫాంట్ సైజ్ మార్చేది అక్షరాలను మాత్రమే. బొమ్మలను, బటన్లను, వాటి మధ్య ఖాళీలను అది కదిలించదు. మీరు మీటను ఎడమ చివరికి జరిపినా యాప్‌ల బొమ్మలు లావుగానే ఉన్నాయంటే, వాటిని పెంచినది వేరొకటి ఉండి తీరాలి. దాని పేరు డిస్‌ప్లే సైజ్. ఆండ్రాయిడ్ 14లో సెట్టింగ్స్ తెరిచి డిస్‌ప్లే కింద ‘డిస్‌ప్లే సైజ్ అండ్ టెక్స్ట్’ అనే పేజీ తెరిస్తే ఈ రెండు మీటలు ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. చూడటానికి కవలల్లా ఉంటాయి గానీ చేసే పని వేరు. డిస్‌ప్లే సైజ్ పెంచినప్పుడు ఫోన్ తన తెర నిజంగా ఉన్నదానికంటే చిన్నదని ప్రతి యాప్‌కూ చెబుతుంది, యాప్ ఆ చిన్న తెరకు తగ్గట్టుగా తన పేజీని సర్దుకుంటుంది. ఫలితంగా అక్షరం, బొమ్మ, బటన్, ఖాళీ అన్నీ కలిసి పెరుగుతాయి, తెర మీద పట్టే సరుకు తగ్గుతుంది.

ఇది ఎంత తేడా తెస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. 1080 పిక్సెళ్ల వెడల్పు ఉండి, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే సాంద్రతను 420గా నిర్ణయించిన తెరను యాప్‌లు 411 ప్రమాణాల వెడల్పుగా లెక్కిస్తాయి. 1080ని, ఆండ్రాయిడ్ ప్రాతిపదికగా తీసుకునే సాంద్రత 160తో గుణించి 420తో భాగిస్తే వచ్చే సంఖ్య అది. అదే ఫోన్‌లో డిస్‌ప్లే సైజ్‌ను చివరి మెట్టుకు తీసుకువెళితే సాంద్రత 540 అవుతుంది, యాప్‌లకు కనిపించే వెడల్పు 320కి పడిపోతుంది. అంతకంటే తగ్గనివ్వకుండా ఆండ్రాయిడే అడ్డుపడుతుంది. అంటే ప్రతి వస్తువూ సుమారు 1.29 రెట్లు పెరిగింది. అక్షరాలు ఫాంట్ సైజ్ వల్ల అప్పటికే 1.3 రెట్లు పెరిగి ఉన్నాయి కాబట్టి, ఈ రెండింటినీ కూడకూడదు, గుణించాలి: సుమారు 1.67 రెట్లు. ఇంట్లోవాళ్లు చూసి కంగారుపడినది ఆ సైజే అయి ఉంటుంది. ఇప్పుడు మీరు మీటను ఎడమ చివరికి జరిపిన క్షణాన్ని లెక్క వేయండి. 0.85ను 1.29తో గుణిస్తే 1.09. అక్షరాలు పాత సైజు కంటే ఒక పిసరు మాత్రమే పెద్దగా కనిపించాలి, బొమ్మలు మాత్రం 1.29 రెట్ల దగ్గరే ఉండిపోవాలి. మీరు రాసినది అచ్చంగా అదే. మీ తాతగారి తెర కొలతలు వేరుగా ఉంటే అంకెలు కొంచెం మారవచ్చు గానీ లెక్క తీరు మారదు.

డబ్బు పంపే యాప్‌లో అడుగు బటన్ మాయమవడానికి కారణం కూడా డిస్‌ప్లే సైజే. అన్నీ పెరిగినప్పుడు పేజీ పొడవు కూడా పెరుగుతుంది. పైకి జరిపే వీలుండేలా ఆ పేజీని తయారుచేసి ఉంటే వేలితో పైకి నెట్టి బటన్‌ను అందుకోవచ్చు. తయారుచేసినవారు అది ఎప్పుడూ ఒక్క తెరలోనే పడుతుందని అనుకుని ఉంటే మాత్రం బటన్ తెర కిందకు జారిపోయి, ఎంత నెట్టినా పైకి రాదు. ఇందులో మీ తాతగారు చేసిన పొరపాటు ఏమీ లేదు.

ఇక మూడవది, అప్పుడప్పుడు వచ్చి పోయే ఉబ్బు. అది పై రెండింటి వల్ల వచ్చేది కాదు, ఎందుకంటే ఆ రెండు మీటలూ ఎవరో జరిపితే తప్ప కదలవు. వచ్చి పోయేది మాగ్నిఫికేషన్. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. అది పేజీని మళ్లీ సర్దదు. ఉన్న తెరను ఉన్నట్టుగానే పెద్దది చేసి, అందులో ఒక భాగాన్ని మాత్రమే మనకు చూపిస్తుంది. మొదటిసారి వాడినప్పుడు సాధారణంగా రెండింతలు చేస్తుంది. మీరు చూసిన 1.67 రెట్ల అక్షరం దాని కింద పడితే మూడు రెట్లు దాటిపోతుంది. ఒక మూల మాత్రమే కనిపించడానికి కారణం అదే. నిర్ధారించుకోవడం తేలిక. తెర ఉబ్బినప్పుడు రెండు వేళ్లు ఆనించి జరపండి. తెర మొత్తం ఒక కాగితంలా జరిగి మిగతా భాగాలు కనిపిస్తే అది మాగ్నిఫికేషనే. చాలా ఫోన్లలో అటువంటప్పుడు టైపు చేసే కీబోర్డు మాత్రం పెరగకుండా మామూలు సైజులోనే ఉంటుంది. కొన్నింటిలో తెర అంచుల చుట్టూ ఒక రంగు గీత కూడా కనిపిస్తుంది.

దీన్ని తెరిచే మార్గాలలో ఒకటి, తెర మీద ఒకే చోట వెంటవెంటనే మూడుసార్లు తట్టడం. ఈ మార్గం ఒకసారి సెట్టింగ్‌లో ఆన్ అయితే మరొక చిక్కు కూడా వస్తుంది, ఈ విషయం చాలామందికి తెలియదు. మనం ఒకసారి తట్టగానే ఫోన్ వెంటనే పని చేయదు. రెండవది, మూడవది వస్తాయేమోనని క్షణంలో కొంత భాగం ఆగి చూస్తుంది. అందువల్ల ప్రతి నొక్కుకూ ఫోన్ కాస్త ఆలస్యంగా కదులుతుంది. ఆ ఆలస్యం చూసి, నొక్కింది తగల్లేదేమోనని పెద్దవారు మళ్లీ నొక్కుతారు, అదీ కదలకపోతే ఇంకోసారి నొక్కుతారు. అది మూడవది. తెర ఉబ్బుతుంది. దాన్ని చూసి గాభరాపడి ఎక్కడెక్కడో తడుతుంటే అనుకోకుండా మళ్లీ మూడు తట్లు పడతాయి, తెర తగ్గుతుంది. దీన్ని తెలిసి చేసినవారు ఎవరూ ఉండరు. మీ తాతగారు "నేనేమీ ముట్టుకోలేదు" అన్నప్పుడు ఆయన దృష్టిలో అది పూర్తిగా నిజం, ఎందుకంటే ఆయన నొక్కినది తనకు కావలసిన బటన్‌నే. మీ బాబాయిగారు "ఏదో నొక్కే ఉంటావు" అనడం కూడా అబద్ధం కాదు. కానీ ఆ మాట ఒక మనిషి మీద తప్పు మోపుతోంది, ఇక్కడ ఒక సౌకర్యం పనిచేసే తీరే ఆయనను ఆ నొక్కుల వైపు నెట్టింది.

మొత్తం కథ ఎలా జరిగి ఉంటుందో నా అంచనా చెబుతాను. అది అంచనాగానే తీసుకోండి. ఆ సాయంత్రం మొదట వచ్చినది మాగ్నిఫికేషన్. దాని దారి ఫోన్‌లో ముందే తెరిచి ఉండవచ్చు, ఎందుకంటే కొత్త ఫోన్ మొదలుపెట్టేటప్పుడు తొలి పేజీలలోనే చూపుకు సంబంధించిన ఈ సౌకర్యాలు కనిపిస్తాయి. లేదా ధ్వని మీటలకు ఈ సౌకర్యాన్ని ముందే జతచేసి ఉంటే, ఫోన్‌ను గట్టిగా పట్టుకున్నప్పుడు ధ్వని పెంచే, తగ్గించే మీటలు రెండూ కలిసి కొన్ని క్షణాలు నొక్కుకుపోయి, వచ్చిన ప్రశ్నకు చదవకుండానే సరే అని ఉండవచ్చు. అక్షరాలు పెరిగాయి కాబట్టి అది అక్షరాల సెట్టింగే అయి ఉంటుందని మీ బాబాయిగారు ఆ పేజీకి వెళ్లి ఉంటారు. ఒక మూల మాత్రమే కనిపిస్తున్న తెర మీద కవలల్లాంటి రెండు మీటలను వేలితో వెతుకుతూ, తగ్గించబోయి రెండింటినీ కుడివైపుకు జరిపి ఉంటారు. ఇది నిజమైతే మొదటి పొర ఫోన్ వేసినది, మిగతా రెండు పొరలు సాయం చేయబోయిన చేయి వేసినవి. ఈ మాట మీ బాబాయిగారితో అనవలసిన అవసరం లేదు. మీ తాతగారితో మాత్రం, ఆయన తప్పు కాదని మీరు స్పష్టంగా, బాబాయిగారు వింటుండగా చెప్పాలని నేను కోరుకుంటాను. ఆయన ఫోన్ పక్కన పెట్టినది అక్షరాల సైజు చూసి కాదనే నాకు అనిపిస్తోంది.

సరిచేసే క్రమం ముఖ్యం. పైపొర తీయనిదే కింది పొర సరిగా కనిపించదు కాబట్టి మాగ్నిఫికేషన్‌తో మొదలుపెట్టండి. తెర ఉబ్బి ఉంటే ఖాళీ చోట మూడుసార్లు వెంటవెంటనే తట్టి తగ్గించండి. తరువాత యాక్సెసిబిలిటీలో మాగ్నిఫికేషన్ తెరిచి దాని షార్ట్‌కట్‌ను ఆపేయండి. షార్ట్‌కట్ అనే వరుస మీద నొక్కితే ఏయే మార్గాలు టిక్ అయి ఉన్నాయో కనిపిస్తుంది. మూడు తట్లు, ధ్వని మీటలు, తెర అంచున తేలే బటన్, వీటిలో ఏది ఉందో ముందు ఒక కాగితం మీద రాసుకుని ఆ తరువాతే టిక్ తీయండి. అది తీశాక తాతగారి చేత రెండు మూడు యాప్‌లు తెరిపించి చూడండి. నొక్కులకు ఫోన్ ముందుకంటే చురుకుగా కదులుతోందని ఆయనే అంటే, మూడు తట్ల కథ నిజమని రుజువైనట్టే. కదలికలో ఏ తేడా కనిపించకపోతే, లేదా అక్కడ అసలు మూడు తట్ల టిక్కే లేకపోతే, నా అంచనాలో ఆ భాగం తప్పు. అప్పుడు ధ్వని మీటలనో తేలే బటన్‌నో అనుమానించాలి.

రెండవది డిస్‌ప్లే సైజ్. దాన్ని ఎడమ నుంచి రెండవ మెట్టుకు తెచ్చి హోమ్ తెరను, డబ్బు పంపే యాప్‌ను చూడండి. ఆ యాప్‌ను వెనుకనుంచి కూడా పూర్తిగా మూసి మళ్లీ తెరవడం మంచిది, కొన్ని యాప్‌లు పాత సర్దుబాటును పట్టుకుని ఉంటాయి. అడుగు బటన్ తిరిగి కనిపించాలి. ఫాంట్ సైజ్‌ను అప్పటివరకు ముట్టవద్దు. ఒకసారికి ఒక్క మీటనే కదిపి, ఏం మారిందో చూసి, ఆ తరువాతే ఇంకొకదానికి వెళితేనే ఏ మీటకు ఏ ఫలితమో తెలుస్తుంది. రెండూ కలిపి కదిపితే మీరు మొదటి రోజు ఉన్న చోటికే తిరిగి వస్తారు. తెర బాగా పెద్దదై ఆ పేజీ దొరకడమే కష్టమైతే సెట్టింగ్స్ పైన ఉండే వెతుకుడు పెట్టెలో ఫాంట్ అని టైపు చేయండి, లేదా ఫోన్‌ను అడ్డంగా తిప్పండి. అదే పేజీ అడుగున ఈ సర్దుబాట్లన్నిటినీ ఫోన్ కొన్ననాటి స్థితికి తెచ్చే రీసెట్ బటన్ కూడా ఉంటుంది. అది ఆ పేజీలోని సర్దుబాట్లను మాత్రమే మారుస్తుంది, ఫోటోల జోలికి, మెసేజ్‌ల జోలికి పోదు. అయితే అది ఫాంట్ సైజ్‌ను కూడా 100 శాతానికి తెచ్చేస్తుంది, అది మీకు కావాలో వద్దో ఇంకా తేలలేదు. అందుకే నేను మీటలను విడివిడిగా కదపడం వైపే మొగ్గుతాను.

ఈ రెండూ అయ్యాక కూడా ఏదో ఒక్క యాప్‌లోనే అక్షరాలు పెద్దగా కనిపిస్తే అది ఆ యాప్ సొంత సెట్టింగ్. వాట్సాప్‌లో చాట్స్ కింద ఫాంట్ సైజ్ వేరుగా ఉంటుంది. కొన్ని మెసేజ్ యాప్‌లలో తెర మీద రెండు వేళ్లు ఆనించి దూరంగా జరిపితే అక్షరాలు పెరుగుతాయి, దగ్గరకు తెస్తే తగ్గుతాయి. మీ ఉత్తరాన్ని బట్టి ఇది మీ సమస్య కాదు.

ఇప్పుడు మీ అసలు సందేహానికి వద్దాం, ఫాంట్ సైజ్‌ను ఎక్కడ ఆపాలి అన్నది. ఇది సాంకేతికమైన ప్రశ్న కాదు, మీ తాతగారిని అడగవలసిన ప్రశ్న. అక్షరాలు పెరిగిన ఈ రోజుల్లో అందరూ దాన్ని చెడిపోవడంగానే చూశారు. ఆయన కళ్లజోడు లేకుండా చదివిన సంగతిని మీరు ఒక్కరే గమనించారు. ఇన్నాళ్లూ పాత సైజు ఆయనకు చాలకపోయినా ఎవరికీ చెప్పలేదేమో. తెలుగు లిపిలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఒత్తులు, గుణింతాల గుర్తులు అసలు అక్షరం కంటే చాలా చిన్నవి కాబట్టి, ఇంగ్లీషు సుఖంగా చదవగలిగిన సైజులోనే తెలుగు పదంలో ఒత్తు ఏదో పోల్చుకోలేకపోవచ్చు.

ఆయన చేతికే ఫోన్ ఇచ్చి, మామూలుగా పట్టుకునే దూరంలోనే పట్టుకోమని, ఒత్తులు ఎక్కువగా ఉన్న ఒక తెలుగు మెసేజ్‌ను 100, 115, 130 శాతం దగ్గర కళ్లజోడుతో చదివించండి. "ఇది బాగుందా" అని అడిగితే మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక బాగుందనే అంటారు. దాని బదులు బయటికి చదవమనండి. ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ ఫోన్‌ను దూరం జరుపుతున్నారో మీకే కనిపిస్తుంది. తడబడకుండా చదివిన అతి తక్కువ మెట్టు ఆయనకు సరిపోయే సైజు. కళ్లజోడు పెట్టుకుని కూడా 100 శాతం దగ్గర చదవలేకపోతే కళ్లజోడు నంబరు మారి ఉండవచ్చు కాబట్టి ఫోన్ సంగతి అటుంచి కంటి పరీక్ష చేయించండి. ఒక కన్ను మూసి చూసినప్పుడు చూపు హఠాత్తుగా తగ్గినట్టు ఆయన చెబితే మాత్రం ఆలస్యం చేయకూడదు, అదే రోజు వైద్యుడికి చూపించాలి.

ఆ పరీక్ష తరువాత మీ ముందు కొన్ని దారులు ఉంటాయి. రెండు మీటలనూ పాత చోటికే తెచ్చేయడం ఒకటి. అన్ని యాప్‌లూ వాటిని తయారుచేసినవారు అనుకున్నట్టే కనిపిస్తాయి, ఇంట్లో వాదన ఆగిపోతుంది. కానీ చదవడం కష్టమైతే ఆయన క్రమంగా ఫోన్ తగ్గించేస్తారు, ఎందుకో ఎవరికీ తెలియదు. డిస్‌ప్లే సైజ్‌ను మామూలుగా ఉంచి ఫాంట్ సైజ్‌ను మాత్రం 115 దగ్గరో 130 దగ్గరో ఆపడం మరొకటి. చదవడానికి ఇది చాలా మేలు, బటన్లు కూడా చాలావరకు తమ చోటనే ఉంటాయి. దీనికీ ఒక వెల ఉంది: కొన్ని యాప్‌లలో బటన్ మీది పేరు పూర్తిగా పట్టక మధ్యలో తెగిపోతుంది, వరుసల మధ్య చోటు బిగువుగా ఉన్న చోట తెలుగు ఒత్తుల అడుగు భాగం కోసుకుపోయినట్టు కనిపించవచ్చు. ఆయన రోజూ వాడే యాప్‌లను మీరు వెళ్లేలోపు ఈ సైజులో ఒక్కొక్కటిగా తెరిచి చూస్తే ఎక్కడ ఇబ్బందో తెలిసిపోతుంది. మీ ఉత్తరం చదివాక నేను మొగ్గేది ఈ దారి వైపే.

అయితే ఆయన కష్టం కంటిది కాక వేలిది కూడా కావచ్చు. ఒక బటన్ నొక్కబోతే పక్కది పడటం, చిన్న గుర్తులు వేలికి అందకపోవడం మీరు చూస్తే, ఫాంట్ సైజ్ ఎంత పెంచినా ఉపయోగం లేదు. అప్పుడు డిస్‌ప్లే సైజ్‌ను మామూలు కంటే ఒక్క మెట్టు మాత్రం పెంచి, ఫాంట్‌ను 100 దగ్గర ఉంచి చూడవచ్చు. అలా చేస్తే డబ్బు పంపే యాప్‌లో ఆ అడుగు బటన్ కనిపిస్తోందో లేదో తప్పకుండా చూసుకోవాలి. కనిపించకపోతే ఆ మెట్టు ఆయనకు పనికిరాదు, ఎందుకంటే చివరి బటన్ దొరకని పేజీలో ఏదేదో నొక్కడం డబ్బు విషయంలో ప్రమాదకరం.

మాగ్నిఫికేషన్‌ను పూర్తిగా ఆపేయాలా అన్నది కూడా ఆలోచించదగినదే. మందుల డబ్బా మీది సన్నని అక్షరాలను ఫోటో తీసి చూడటానికో, ఫోటోలలో ముఖాలు పోల్చుకోవడానికో ఆయనకు అది ఇష్టమైతే, మూడు తట్ల బదులు తెర అంచున తేలే బటన్‌ను మార్గంగా పెట్టవచ్చు. ఆ బటన్‌ను కావాలని నొక్కితే తప్ప తెర పెరగదు, నొక్కుల ఆలస్యం కూడా ఉండదు. కాకపోతే ఆ బటన్ ఎప్పుడూ తెర మీద ఒక చోటును ఆక్రమించుకుని ఉంటుంది, కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది. ఆయనకు అది విసుగనిపిస్తే వద్దు.

ఫోన్‌ను చెరిపేయడం కూడా ఒక దారే, దాన్ని నేను కొట్టిపారేయడం లేదు. అది ఈ మూడు పొరలనూ తప్పకుండా తీసేస్తుంది. కానీ వాటితో పాటు దాచిపెట్టుకోని ఫోటోలు, బ్యాకప్ లేని మెసేజ్‌లు పోతాయి. డబ్బుకు సంబంధించిన యాప్‌లన్నిటిలో మళ్లీ నమోదు చేసుకోవాలి, ప్రతి పాస్‌వర్డ్‌నూ గుర్తు చేసుకోవాలి, యాప్‌ల బొమ్మలన్నీ చోట్లు మారిపోతాయి. ఏ బొమ్మ ఎక్కడ ఉందో చేతి అలవాటుతో గుర్తుపెట్టుకున్న మనిషికి ఇది పెద్ద అక్షరాల కంటే పెద్ద కష్టం. ఇంత చేసినా కారణం తెలియదు కాబట్టి, మొదటి పేజీలలో అదే సౌకర్యం మళ్లీ ఆన్ అయితే కథ మొదటికి వస్తుంది. బాబాయిగారితో వాదించే బదులు, పైన చెప్పిన క్రమాన్ని ఆయన ఎదుటే ఒకసారి చేయనివ్వమని అడగండి. అరగంటకు మించి పట్టదు. అప్పటికీ తెర దారికి రాకపోతే చెరిపేయడం గురించి మాట్లాడవచ్చు, అదీ ఫోటోలు వేరేచోట భద్రపరిచాకనే.

ఈ పని అంతా ఫోన్ తాతగారి చేతిలో ఉండగానే జరగాలి. మీరు లాక్కుని చకచకా సరిచేసి ఇస్తే ఫోన్ బాగవుతుంది గానీ, తనకు అర్థం కానిదేదో తన ఫోన్‌లో ఉందన్న భయం ఆయనలో అలాగే ఉండిపోతుంది. మీరు చెబుతుంటే మీటను ఆయన వేలితోనే జరపనివ్వండి, కుడికి జరిపితే ఏమవుతుందో, ఎడమకు జరిపితే ఏమవుతుందో ఆయన కళ్లతోనే చూడనివ్వండి. రెండు మూడుసార్లు అటూ ఇటూ జరిపాక, అది ఎప్పుడు మారినా తిరిగి తెచ్చుకోగలనని ఆయనకే తెలుస్తుంది. చివరికి కుదిరిన మెట్లను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి: ఫాంట్ సైజ్ ఎడమ నుంచి ఎన్నవ చుక్క, డిస్‌ప్లే సైజ్ ఎన్నవ చుక్క. దాన్ని ఫోన్ కవరు వెనుక పెట్టవచ్చు. ఆ పేజీని ఫోటో తీసి మీ దగ్గర కూడా ఉంచుకోండి.

మీరు హాస్టల్‌కు వెళ్లాక అక్షరాలు పెరిగాయని ఫోన్ వస్తే, ఏం నొక్కారని అడగవద్దు. రెండు వేళ్లతో జరిపితే తెర జరుగుతోందా అని మొదట అడగండి. జరుగుతోందంటే మాగ్నిఫికేషన్, ఖాళీ చోట మూడుసార్లు తట్టమని, తేలే బటన్ పెట్టి ఉంటే దాన్ని నొక్కమని చెప్పండి. జరగడం లేదంటే సెట్టింగ్స్ పేజీలో అక్షరాలు కూడా పెద్దగా ఉన్నాయేమో అడగండి. అక్కడ మామూలుగా ఉండి ఒక్క యాప్‌లోనే పెద్దగా ఉంటే ఆ యాప్ సొంత సెట్టింగ్ చూడాలి. అక్కడ కూడా పెద్దగా ఉంటే యాప్‌ల బొమ్మలు కూడా పెరిగాయా అని అడగండి. పెరిగితే డిస్‌ప్లే సైజ్, పెరగకపోతే ఫాంట్ సైజ్. కాగితం మీద రాసిన చుక్క దగ్గరకు మీటను ఆయనే తెచ్చుకుంటారు.